అంకె చూసి పుస్తకం ఇవ్వకు

చి. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పాప మూడో తరగతిలోనే ఏడో తరగతి పిల్లలు చదివే ఇంగ్లీషు పుస్తకాలు చదివేస్తోందని, ఇక ఏం కొనాలో తోచడం లేదని రాశావు. ఏళ్ళ తరబడి బడి లైబ్రరీలో కూర్చున్నదాన్ని కనుక నాకు తెలిసింది చెబుతాను.

పుస్తకం ఎంత కష్టమో చూపించే అంకె అంటూ మీ బడివాళ్ళు చెప్పిన ఆ లెక్సైల్‌ను అంతగా పట్టించుకోకు. వాక్యాలు ఎంత పొడుగు, మాటలు ఎంత అరుదు అన్నదే అది కొలుస్తుంది. కథలో ఏం జరుగుతుందో దానికి అక్కర్లేదు. పందిపిల్లకూ సాలీడుకూ స్నేహం కలిసే ‘షార్లెట్స్ వెబ్’కు 680 ఇచ్చారు. బతుకు చెడి వలసపోయిన రైతు కుటుంబం గురించి స్టైన్‌బెక్ పెద్దవాళ్ళ కోసం రాసిన ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’కూ అదే 680. మాటలు పాపకు అందుతాయి, అనుభవం అందదు. నువ్వు చూడాల్సింది ఆ రెండోదాన్ని.

హ్యారీ పాటర్ ఏడూ ఒకేసారి కొనిస్తానన్నావు, వద్దు. మొదటి పుస్తకంలో ఆ అబ్బాయికి పదకొండేళ్ళు, చివరికి పదిహేడు. అవి ఒక్కొక్కటిగా వచ్చాయి కనుక 1997లో మొదలుపెట్టిన పిల్లలు 2007లో ముగించారు, కథతో పాటు వాళ్ళూ పెరిగారు. మన పాప ఒక్క వేసవి సెలవుల్లో పూర్తి చేస్తుంది. నాలుగో దాని చివర శ్మశానంలో తోటి విద్యార్థిని చంపేస్తారు. మూడింటితో ఆపి, మిగతావి పదేళ్ళు దాటాక ఇవ్వు.

అలాగని చావు ఉన్న పుస్తకాలన్నీ దాచేయనక్కర్లేదు. ‘షార్లెట్స్ వెబ్’లో సాలీడు చనిపోతుంది, అదీ ఒంటరిగా. కానీ అది పెట్టిన 514 గుడ్లను పందిపిల్ల భద్రంగా ఇంటికి చేరుస్తుంది. పొదిగిన పిల్లల్లో మూడు అక్కడే ఉండిపోతాయి. పాప ఏడుస్తుంది, ఏడవనీ. ఆ దుఃఖాన్ని రచయితే చేయి పట్టుకొని దాటిస్తాడు. ఎనిమిదేళ్ళవాళ్ళకు పనికిరానిది క్రూరత్వం, ఒడ్డు కనిపించని భయం.

ఇలాంటి పిల్లలకు నేను ముందుగా తీసి ఇచ్చేది నార్టన్ జస్టర్ ‘ది ఫాంటమ్ టోల్‌బూత్’. 1961 నాటిది. ఏది చూసినా విసుగెత్తే ఒక అబ్బాయి బొమ్మకారులో వింత దేశానికి వెళతాడు. అక్కడ ఒక ఊళ్ళో మాటలను సంతలో అమ్ముతారు. రాజుగారి విందులో ఎవరు ఏం మాట్లాడితే అదే వాళ్ళ విస్తట్లోకి వస్తుంది. సంగతి తెలిసినవాళ్ళు రుచిగల వంటకాల పేర్లు చెప్పి కూర్చుంటారు, తెలియక ఉపన్యాసం దంచిన మన అబ్బాయికి ఆ ఉపన్యాసమే భోజనం! కష్టమంతా మాటల చమత్కారంలోనే ఉంటుంది, మనసును కలవరపెట్టేది దాదాపు ఏమీ ఉండదు. చురుకైన పిల్లకు కావలసిన బరువు ఇదే. ఆ తర్వాత ఆర్థర్ రాన్సమ్ ‘స్వాలోస్ అండ్ అమెజాన్స్’ ఇవ్వు. సెలవుల్లో పిల్లలు తెరచాప పడవలో ఒక దీవికి వెళ్ళి గుడారాలు వేసుకుంటారు. పడవ భాషకు మొదట తడబడినా తర్వాత వదలదు.

పాతవన్నీ నిరపాయం అనుకోకు. ‘ది సీక్రెట్ గార్డెన్’ (1911) మన దేశంలో కలరాతో మొదలవుతుంది. తల్లీతండ్రీ పోయి ఒక ఇంగ్లీషు పిల్ల ఒంటరిగా బంగళాలో మిగులుతుంది. అది ఒక్క అధ్యాయంలో దాటిపోతుంది. అసలు చిక్కు నాలుగో అధ్యాయంలో. నువ్వు నల్లపిల్లవనుకున్నాను అని ఇంగ్లండులో పనిమనిషి అంటే, ఆ పిల్ల మండిపడి, ఇండియాలోనివాళ్ళు అసలు మనుషులే కాదంటుంది. మనవాళ్ళ గురించే ఆ మాట. ఆ పుట పాప పక్కన కూర్చుని చదువు.

కొత్త పుస్తకం వస్తే మొదటి అధ్యాయం, నడిమి పది పుటలు, చివరి రెండు అధ్యాయాలు నువ్వు చదువు. అరగంట పని. తర్వాత పాపను గమనించు. భయపడ్డానని పిల్లలు నోటితో చెప్పరు. ఒకసారి నేనే అట్ట చూసి మోసపోయి ఒక అబ్బాయికి యుద్ధం కథ ఇచ్చాను. మర్నాడే ‘అయిపోయింది’ అని తిరిగిచ్చాడు. గుర్తు కాగితం మాత్రం నలభయ్యో పుటలోనే ఉంది. ఆ తర్వాత వారం రోజులు బొమ్మల పుస్తకాలే పట్టుకెళ్ళాడు. అలాంటప్పుడు ఎందుకు ఆపావని నిలదీయకు.

తెలుగులో పాప ఇంకా కూడబలుక్కునే చదువుతోందన్నావు. ‘బుడుగు’ ఇప్పుడే వద్దు. మాట్లాడేది పిల్లవాడే అయినా సగం నవ్వులు పెద్దవాళ్ళవి. సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’ నువ్వు పైకి చదువు, రోజుకొక కథ. నా దగ్గరున్న ప్రతికి అట్ట ఊడింది కానీ లోపల పుటలన్నీ ఉన్నాయి. వచ్చే ఆదివారం మీ బాబాయి అటు వస్తున్నాడు, అతనితో పంపిస్తాను.

మీ పెద్దమ్మ