పెళ్లి బంగారం: రెండేళ్ల లెక్క

చి. రమణకు,

పెదనాన్న ఆశీస్సులు. అమ్మాయి పెళ్లి రెండేళ్ల తర్వాతే అయినా బంగారం గురించి ఇప్పుడే అడిగావు, మంచి పని. నగల దుకాణంలో లెక్కలు రాసినవాడిని కాబట్టి కౌంటరు అవతలి సంగతులు కూడా చెబుతాను.

ముందు లెక్కను రూపాయల్లో కాదు, గ్రాముల్లో వేసుకో. మీరు అనుకున్నది ఎనిమిది కాసులు, అంటే 64 గ్రాములు: నెక్లెస్ 16, గొలుసు 16, గాజులు 16, జుంకాలు నల్లపూసలు కలిపి 16. ఇంట్లో ఉన్న మీ నాయనమ్మ నగలు 16 గ్రాములు. వాటిని గాజులకు సరిపోయినట్టే అనుకోకు. పాతకాలపు నగల్లో టంకం ఎక్కువ. హాల్‌మార్కింగ్ కేంద్రంలో కొద్దిపాటి రుసుముకు పరీక్ష చేస్తారు, ఈ నెలలోనే చేయించు. 20 క్యారెట్లని తేలితే, 22 క్యారెట్ల లెక్కన అవి పద్నాలుగున్నర గ్రాములే. ఇది ఇప్పుడే తెలిస్తే నష్టం లేదు, పెళ్లికి నెల ముందు తెలిస్తేనే ఇబ్బంది.

మిగతా యాభై గ్రాములలో 33 గ్రాములు నెలవారీ స్కీములో కొను. గ్రాము పది వేలనుకుందాం, లెక్క సులువు కోసం. నెలకు 15,000 కడితే గ్రామున్నర. పదకొండు నెలల స్కీములు రెండు వరసగా కడితే 33 గ్రాములు. కంపెనీ చట్టం నిబంధనల ప్రకారం ముందుగా తీసుకున్న సొమ్ముకు ఏడాదిలోగా సరుకు ఇవ్వాలి. అందుకే దుకాణాలు పదకొండు నెలలతో ఆపుతాయి. చేరేముందు ఒక్క మాట అడుగు: ప్రతి నెలా ఆ రోజు ధరకు గ్రాములు జమ చేస్తారా, రూపాయలే జమ చేసి చివరి రోజు ధర వేస్తారా? రెండో రకంలో ధర పెరిగితే ఆ భారమంతా నీదే. గ్రాములు రాసే స్కీములోనే చేరు. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు దీనికి బీమా ఉండదు, అందుకే రెండో ఏడు వేరే దుకాణంలో కట్టు.

స్కీము అసలు లాభం తరుగులో ఉంది. చాలాచోట్ల తరుగు 18 శాతం దాకా మాఫీ చేస్తారు. పదహారు గ్రాముల సాదా గొలుసుకు తరుగు 8 శాతం అనుకుంటే మాఫీ 12,800 రూపాయలు. అదే బరువు నక్షీ నెక్లెస్‌కు 18 శాతమైతే మాఫీ 28,800. కాబట్టి మొదటి స్కీముతో నెక్లెస్, రెండోదానితో జుంకాలు, నల్లపూసలు తీసుకో. చాలామంది తెలియక స్కీము డబ్బుతో గొలుసు కొని, నెక్లెస్‌ను చేతి డబ్బుతో కొంటారు. ఏడాది ముందే కొనే నెక్లెస్ కాబట్టి మామిడి పిందెల వంటి పాత డిజైను ఎంచుకోమను. సాదా గొలుసును మీ బోనస్ డబ్బుతో ఆషాఢంలో కొను. పెళ్లిళ్లు లేని నెల కాబట్టి అప్పుడు తరుగు తగ్గించి అమ్ముతారు. గాజులు మాత్రం చివరి మూడు నెలల్లో పాత బంగారం మార్చి చేయించు, చేతి కొలత అప్పటికి సరిగ్గా తెలుస్తుంది.

ఇప్పుడే నాణేలు కొని దాచుకోమని కోడలు అంటున్నదట. కొన్నప్పుడు మూడు శాతం జీఎస్టీ, నగ చేయించినప్పుడు మళ్లీ మూడు శాతం. పైగా వేరే దుకాణం నాణెమైతే ధరలో కొంత కోస్తారు. వద్దను.

ఏడాది పూర్తయ్యాక ఒకసారి కూర్చుని లెక్క చూసుకోండి. రెండో ఏట గ్రాము పన్నెండు వేలైతే స్కీములో పదహారున్నర రావలసినచోట పద్నాలుగు గ్రాములు కూడా రావు. ఆ లోటు ఏ నగ నుంచి తీయాలో ఇప్పుడే రాసుకోండి. నా సలహా జుంకాల బరువు తగ్గించడం. గొలుసు, నల్లపూసలు అమ్మాయి రోజూ వేసుకుంటుంది, వాటి జోలికి పోవద్దు. వడ్డాణం, వంకీ కావాలంటే వన్ గ్రాము బంగారంతో సరిపెట్టండి. వియ్యాలవారి కోసమని వ్యక్తిగత రుణం తెచ్చి కాసులు పెంచడం నాకు నచ్చదు, నువ్వు కోపం తెచ్చుకున్నా సరే.

బిల్లు దగ్గర కాస్త మొండిగా ఉండు. రాళ్ల నెక్లెస్ తూకంలో 20 గ్రాములు రావచ్చు, అందులో 4 గ్రాములు రాళ్లే కావచ్చు. బంగారం ధర, తరుగు రెండూ నికర బరువు 16 మీదే వేయాలి, రాళ్ల ఖరీదు విడిగా రాయాలి. మొత్తం బరువు మీద తరుగు వేసిన బిల్లులు నేను చాలానే చూశాను. నగ మీద బీఐఎస్ గుర్తు, 22K916, ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉండాలి. ఆ సంఖ్యను కౌంటరు దగ్గరే ఫోనులో BIS Care యాప్‌లో కొట్టి చూడు. అక్కడ కనిపించే నగ రకం చేతిలో ఉన్నదానితో కలవకపోతే డబ్బు కట్టకు.

పరీక్ష రిపోర్టు రాగానే ఫోటో పంపు. గాజుల బరువు చూసి చెబుతాను.

మీ పెదనాన్న