ఇంటర్వ్యూ అయ్యాక కబురు లేదు: ఎప్పుడు అడగాలి?

"రాయదుర్గంలో ఒక కంపెనీకి పోయిన మంగళవారం చివరి రౌండు అయింది. శుక్రవారంలోగా చెబుతామన్నారు. ఈరోజు సోమవారం, ఏ కబురూ లేదు. అడగవచ్చా?"

రేపు ఉదయం అడగండి. ఒక పనిదినం వదలమనడానికి కారణం ఉంది. జీతానికి ఆమోదం తెలపాల్సిన మేనేజరు అమెరికాలో ఉంటే, మన శుక్రవారం సాయంత్రం వాళ్లకు ఇంకా ఉదయమే. అక్కడ తీసుకున్న నిర్ణయం ఇక్కడి రిక్రూటర్ చేతికి సోమవారమే అందుతుంది.

ఇంటర్వ్యూ తర్వాత మిమ్మల్ని ఏమి అడిగారో గుర్తు చేసుకోండి. పే స్లిప్పులు, నోటీసు పీరియడ్ వివరాలు తీసుకున్నారంటే సాధారణంగా ఫైలు కదులుతున్నట్టే. "ఇంకా కొందరితో మాట్లాడుతున్నాం" అని మాత్రమే అంటే, మరొకరికి ఆఫర్ ఇచ్చి, వారు ఒప్పుకునేదాకా మిమ్మల్ని ఆపి ఉంచి ఉండవచ్చు. ఇది తిరస్కారం కాదు, కానీ మిగతా ఇంటర్వ్యూలు మాత్రం మానకండి.

కొత్త మెయిల్ వద్దు. ఇంటర్వ్యూ సమయం ఖరారు చేసిన పాత మెయిల్‌కే జవాబుగా రాయండి. అప్పుడు మీరెవరో వెతుక్కునే పని వారికి ఉండదు.

"నమస్కారం. గత మంగళవారం జరిగిన చివరి రౌండు గురించి రాస్తున్నాను. నిర్ణయం ఎప్పటికి తెలియవచ్చో చెప్పగలరా? పత్రాలు ఏమైనా కావాలంటే ఈరోజే పంపుతాను."

జవాబు రాకపోతే వారం ఆగి మరొక్కసారి రాయండి, అంతే. వాట్సాప్‌లో రోజూ పలకరిస్తే చిరాకు పుడుతుంది. చేతిలో వేరే ఆఫర్ ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు: దాని గడువు తేదీ చెప్పి వెంటనే ఫోన్ చేయండి.