నగలపై తెచ్చిన లక్ష లాభం కాదు

ప్రశ్న: గుంటూరు పట్నంబజారులో కిరాణా దుకాణం నడుపుతున్నాను. నగదు పుస్తకం, అరువు ఖాతాల పుస్తకం తప్ప వేరే లెక్కలు లేవు. గత ఏప్రిల్ 1న అప్పులు పోను నా సొమ్ము రూ.5,40,000, ఈ మార్చి 31న రూ.6,60,000. ఇంటికి నెలకు 20,000 వాడుకున్నాను కాబట్టి ఏడాది లాభం 3,60,000 అనుకుంటున్నాను. మధ్యలో మా ఆవిడ నగలపై లక్ష తెచ్చి సరుకులో పెట్టాను, అది ఇంకా తీర్చలేదు. జంట పద్దుకు ఎలా మారాలి? దసరా సరుకుకు డైలీ ఫైనాన్స్ తీసుకోవచ్చా?

జవాబు: ఆ లక్ష రూపాయలే మీ లాభాన్ని ఉబ్బించాయి. చిన్న వ్యాపారులు ఆస్తుల్లోంచి అప్పులు తీసివేసి మూలధనం తేల్చే వ్యవహారాల నివేదిక రాసేటప్పుడు తరచుగా చేసే పొరపాటు ఇదే కాబట్టి మీ ఉత్తరానికి వివరంగా బదులిస్తున్నాను. నగలపై అప్పును దుకాణమే తీరుస్తుంటే దానిని మార్చి 31 నాటి అప్పుల్లో చూపాలి. అప్పుడు ముగింపు మూలధనం 5,60,000 అవుతుంది. ఇంటి డబ్బుతో తీరుస్తుంటే అది మీరు అదనంగా తెచ్చిన మూలధనం, లాభం తేల్చేటప్పుడు దానిని తీసివేయాలి. ఏ దారిన వెళ్లినా లాభం 2,60,000 మాత్రమే. మీరు రెండూ చేయలేదు.

అంతటితో ఆగలేదు. మీరు పంపిన అరువు జాబితాలో 40,000 బాకీ ఉన్న మెస్సు గత దీపావళికే మూతపడిందని పక్కన మీరే రాసుకున్నారు. రాదని తెలిసిన బాకీని ఆస్తిగా చూపడం కుదరదు. దానిని రానిబాకీగా కొట్టివేస్తే లాభం 2,20,000కు దిగుతుంది, అంటే నెలకు సుమారు 18,300. మీరు ఇంటికి తీసుకున్నది నెలకు 20,000. ఏడాదికి 20,000 రూపాయల మేర మీరు మూలధనాన్నే తిన్నారు.

ఇక ప్రతి వ్యవహారాన్నీ డెబిట్, క్రెడిట్ రెండు వైపులా రాసే జంట పద్దు సంగతి. గత ఏప్రిల్ 1 నాటి నివేదికే మీ ప్రారంభపు పద్దు. సరుకు 4,20,000, ఋణగ్రస్తులు 1,80,000, నగదు, బ్యాంకు నిల్వ కలిపి 60,000, సామగ్రి 90,000 డెబిట్ చేసి, టోకు వర్తకుల బాకీ 2,10,000నూ మిగిలిన 5,40,000 మూలధనాన్నీ క్రెడిట్ చేయండి. సరుకును అమ్మకపు ధరకు కాక కొన్న ధరకే కట్టి ఉండాలి. తరువాత నగదు పుస్తకంలోని ప్రతి పద్దుకూ, ఖాతాలన్నీ విడివిడిగా ఉండే పుస్తకమైన ఆవర్జాలో రెండో కాలు పెట్టాలి: అద్దె చెల్లిస్తే అద్దె ఖాతాకు, ఇంటికి తీసుకుంటే సొంతవాడకాల ఖాతాకు డెబిట్. మీరు ఇప్పుడు రాస్తున్న ఒంటి పద్దులో ఎక్కడా కనబడనిది అరువు అమ్మకాల మొత్తం. దానిని మొత్తం ఋణగ్రస్తుల ఖాతా నుంచి రాబట్టాలి. ఏడాదిలో ఖాతాదారుల నుంచి వసూలైన 3,60,000కు రానిబాకీ 40,000, చివర మిగిలిన మంచి బాకీలు 2,20,000 కలిపి, మొదటి బాకీలు 1,80,000 తీసివేస్తే అరువు అమ్మకాలు 4,40,000 అని తేలుతుంది. అరువు కొనుగోళ్లను టోకు వర్తకుల ఖాతా నుంచి ఇదే విధంగా పట్టుకోవచ్చు.

డెబిట్లూ క్రెడిట్లూ సమానమా అని సరిచూసే అంకణా కుదిరిందని మురిసిపోవద్దు. గల్లాలోంచి రాయకుండా తీసిన డబ్బును ఈ పద్ధతి పట్టుకోలేదు, ఎందుకంటే ఆ మేరకు నగదు అమ్మకాలూ సొంతవాడకాలూ సమానంగా తగ్గిపోతాయి, రెండు వైపులా సరిపోయినట్లే కనిపిస్తుంది. కూతురి ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడో, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడో చేయి గల్లాలోకి వెళ్లే ఇంట్లో ఇది తప్పకుండా జరుగుతుంది. అందుకే నేను ప్రతి వ్యాపారినీ విసిగించే మాట మీకూ చెప్పక తప్పదు: ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే మీ లెక్కన 1,20,000, దుకాణానికి సంబంధం లేని మీ సొంత బ్యాంకు ఖాతాలో అత్యవసర నిధిగా ఉండాలి. అందులో వేసే ప్రతి రూపాయీ దుకాణం పుస్తకంలో సొంతవాడకమే. ఒకసారి బయటికి వెళ్లాక అది వ్యవహారాల నివేదికలో మళ్లీ కనిపించకూడదు. ఆ నిధి లేని వారి నివేదికలో గల్లా నిల్వ ఎప్పుడూ వ్యాపారానిది కాదు, ఇంటిదీ కాదు.

నిధి కూడే వరకు ఇంటికి నెలకు 15,000 మించకుండా ఒకే తేదీన, బ్యాంకు ద్వారా తీసుకోండి. నెలకు సుమారు 3,300 మిగిలి నగలపై అప్పుకు వెళుతుంది. నిధికి మొదటి డబ్బు అరువు వసూళ్ల నుంచి రావాలి. మీ అరువు పుస్తకంలోనే 2,20,000 ఉండగా బయట వెతకడం దేనికి?

డైలీ ఫైనాన్స్ మాట ఎత్తవద్దు. నెలకు 18,300 లాభం తేలిన దుకాణానికి రోజువారీ వాయిదా కట్టే శక్తి లేదు; కట్టినా అది మూలధనం నుంచే వెళుతుంది. దసరా సరుకుకు మీ టోకు వర్తకుణ్ణి మరో పదిహేను రోజుల గడువు అడగండి, అదీ ఆగస్టులోగా సగం అరువు వసూలైతేనే.