గ్రాఫ్ బొమ్మలో కొలిస్తే 11.66 శాతానికి బదులు 56 ఎందుకు వస్తోంది?

ప్రశ్న: గంజాం జిల్లా జనాభా గీత గ్రాఫ్ బొమ్మ ఒకటే ఉంది, అంకెల పట్టిక లేదు. ఎడమ అక్షం 25 లక్షల నుంచి 40 లక్షల దాకా. అడుగు గీత పిక్సెల్ 560 దగ్గర, పై గీత 80 దగ్గర ఉన్నాయి. 2001 చుక్క 349, 2011 చుక్క 231. అడుగు నుంచి ఎత్తులు 211, 329 కాబట్టి వృద్ధి 56 శాతం వచ్చింది. జనాభా లెక్కల ప్రకారం 11.66 అట. ఎక్కడ తప్పాను?

జవాబు: మీ కొలతలు బాగానే ఉన్నాయండి. ఎత్తుని ఎత్తుతో భాగించడమే తప్పు. అక్షం సున్నా దగ్గర మొదలైతేనే ఆ లెక్క చెల్లుతుంది. మీ బొమ్మలో అడుగు గీత అంటేనే 25 లక్షల మంది. ఆ 25 లక్షలు మీ 211లోనూ లేవు, 329లోనూ లేవు. అందుకే పెరుగుదల అంత పెద్దదిగా కనిపించింది.

ముందు పిక్సెళ్లను మనుషుల లెక్కలోకి మార్చండి. 480 పిక్సెళ్లకి 15 లక్షలు, అంటే లక్షకి 32 పిక్సెళ్లు. 2001కి 25 + 211/32 = 31.59 లక్షలు. 2011కి 25 + 329/32 = 35.28 లక్షలు. తేడా 3.69, దాన్ని 31.59తో భాగిస్తే 11.67 శాతం. అసలు లెక్కలు 31,60,635, 35,29,031. మీ చుక్కలు వాటికి చాలా దగ్గరగా పడ్డాయి.

చుక్కలు ఎక్కువుంటే ఇది చాలు:

```
def val(y, y1=560, v1=25, y2=80, v2=40):
    return v1 + (y - y1) * (v2 - v1) / (y2 - y1)

a, b = val(349), val(231)
print((b/a - 1)*100, ((b/a)**(1/10) - 1)*100)
```

పిక్సెల్ వరసలు పైనుంచి కిందికి పెరుగుతాయి కాబట్టి `y1` పెద్దది, `y2` చిన్నది. ఇవి తారుమారైతే జనాభా తగ్గినట్టు వస్తుంది, వెంటనే తెలిసిపోతుంది.

అంత సులువుగా తెలియని తప్పు గీత మందంలో ఉంటుంది. బొమ్మని బాగా పెద్దది చేసి చూస్తే 2011 దగ్గర గీత 228 నుంచి 234 దాకా పరుచుకుని ఉందనుకోండి. మధ్య 231నే తీసుకోవాలి. 2011కి పై అంచు, 2001కి కింది అంచు పట్టుకుంటే జవాబు 12.3కి పోతుంది. చుక్క గుండ్రంగా ఉంటే దాని పై, కింది అంచులు రెండూ చదివి సగటు తీయండి. కంటితో మధ్యని అంచనా వేయడం కంటే అది నమ్మకం.

ఫోనుతో తీసిన ఫోటో అయితే 30 లక్షల గ్రిడ్ గీతని ఎడమ చివరా కుడి చివరా చదవండి. రెండు చోట్లా 400 రావాలి. కుడివైపు 408 వచ్చిందంటే ఫోటో వంగింది. అప్పుడు ఎడమ అక్షం నుంచి కొలవకండి. ఆ సంవత్సరం నిలువులోనే చుక్కకి దగ్గరి రెండు గ్రిడ్ గీతల మధ్య కొలవండి. మీ 2011 చుక్క 35 లక్షల గీతకి 9 పిక్సెళ్లు మాత్రమే పైన ఉంది. అంత దగ్గరి గీత ఉన్నప్పుడు దూరంగా ఉన్న అక్షాన్ని పట్టుకోవడం దేనికి?

బరంపురం, పర్లాకిమిడి వైపు మనకి ఇంకో చిక్కు ఉంది. అక్షం మీద ఒడియా అంకెలుంటే, ఒడియా నాలుగు మన కంటికి 8లా కనిపిస్తుంది. 40ని 80 అని చదివితే లెక్కంతా పోతుంది. గుర్తుల మధ్య దూరం సమానమేనా చూసుకోండి. 25, 30, 35 తర్వాత 80 రాదు కదా.

ఒక్క పిక్సెల్ ఇక్కడ 3,125 మంది. రెండు చుక్కలూ ఒక్కో పిక్సెల్ ఎదురెదురుగా తప్పితే జవాబు 11.5 నుంచి 11.9 దాకా ఎక్కడైనా పడొచ్చు. కాబట్టి గ్రాఫ్ నుంచి తీసినప్పుడు "సుమారు 11.7" అని రాయండి, 11.67 అని కాదు. ఇదే గ్రాఫ్ అదే ఎత్తులో సున్నా నుంచి 40 లక్షల దాకా గీస్తే ఒక పిక్సెల్ 8,333 మంది అయ్యేది, జవాబు ఇంకా వదులయ్యేది. కంటిని మోసం చేసిన ఆ 25 లక్షల అడుగే కొలతకి సాయపడింది.

ఏడాదికి ఎంత అని అడిగితే 11.67ని 10తో భాగించకండి. చక్రవృద్ధి లెక్కలో 1.11 శాతం వస్తుంది, పై కోడ్‌లో రెండో అంకె అదే. మధ్యలో ఉన్నవి 10 సంవత్సరాలే, 11 కాదు. రెండు జనగణనలకీ మార్చి 1నే ప్రమాణంగా తీసుకున్నారు. గ్రాఫ్‌లో 1991 చుక్క కూడా ఉంటే దాన్నుంచి కొలిచే ముందు ఆగండి. 1992లో పర్లాకిమిడి వైపు ప్రాంతం గజపతి జిల్లాగా గంజాం నుంచి విడిపోయింది. ఆ పాత చుక్కలో పర్లాకిమిడి జనం కూడా ఉన్నారో లేదో బొమ్మ కింద రాసి ఉంటే తప్ప పోల్చలేరు.