మేనల్లుడికి, కత్తులు నూరే సంగతి

నాయనా,

కొత్త కత్తిని గంటసేపు నూరినా టమాటా తొక్క కూడా తెగడం లేదని ఫోన్‌లో అన్నావు. తప్పు రాయిది కాదు, కత్తిదీ కాదు. నూరేటప్పుడు నీ చెయ్యి ఊగుతోంది. ఒకసారి కత్తి వీపు పైకి లేస్తుంది, మరోసారి కిందికి వాలుతుంది. దాంతో అంచు కోసుగా రాకుండా గుండ్రబడుతుంది. ప్రొద్దుటూరులో మటన్ కొట్టు పెట్టిన కొత్తల్లో నాదీ అదే అవస్థ.

కత్తికీ రాయికీ మధ్య కోణాన్ని డిగ్రీల్లో చూడాలంటే మన కళ్లకు చేతకాదు. వీపు ఎత్తులో చూడు. కత్తిని రాయి మీద పెట్టాక అంచు రాయిని తాకుతుంది, వీపు గాల్లో ఉంటుంది. కత్తి వెడల్పులో నాలుగో వంతు ఎత్తులో వీపు ఉంటే 15 డిగ్రీలకు దగ్గర, మూడో వంతు ఉంటే 20కి దగ్గర, సగం ఉంటే 30. నీ వంటింటి కత్తి వెడల్పు 44 మిల్లీమీటర్లన్నావు కదా, వీపు 15 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే చాలు. కూరగాయలకే వాడే పల్చటి కత్తి అయితే 11కి దించుకోవచ్చు. స్కేలు పెట్టి కొలిచి, అంత మందానికి అట్టముక్కలు అతికించి రాయి చివర ఉంచు. ప్రతి పది లాగుళ్లకు ఒకసారి వీపును దానికి ఆనించి చూసుకో.

వేట కత్తికి 20 నుంచి 25 డిగ్రీలు. అడవిలో వేటాడటం చట్టప్రకారం నేరం. మన దగ్గర వేట అంటే పొట్టేలే కాబట్టి తోలు తీయడానికే ఆ కత్తి. దాని కోణం కొలవడానికి కాగితం చాలు. కాగితం మూలను ఒకసారి సమంగా మడిస్తే 45, ఇంకోసారి మడిస్తే 22న్నర. ఆ మొనను రాయి మీద ఉంచి, కత్తి వాలును దాంతో సరిచూసుకో. ఈ కత్తి సన్నం, 25 మిల్లీమీటర్లే ఉంటుంది. వీపు ఒక్క మిల్లీమీటరు కదిలినా కోణం రెండు డిగ్రీలు దాటి మారిపోతుంది. అందుకే సన్న కత్తి నూరడమే కష్టం.

మచ్చుకత్తికి 25 నుంచి 30. పదును బాగుంటుందని ఒకసారి నా మచ్చుకత్తిని వంటకత్తిలా పల్చగా నూరాను. మొదటి కాలి ఎముక మీద వేటు పడగానే అంచు చంద్రవంకలా పెచ్చు ఊడింది. దాన్ని సరిచేయడానికి గరుకు రాయి మీద సగం రోజు పట్టింది. కొట్టే కత్తికి అంచు వెనక ఇనుము మందంగా ఉండాలి.

ఇక చెయ్యి. రాయి కింద తడిగుడ్డ పరిచి, బొడ్డుకు కాస్త కింది ఎత్తులో ఉంచు. కుడిచేతి బొటనవేలు వీపు మొదట్లో ఆనాలి, ఎడమచేతి రెండు వేళ్లు అంచుకు కాస్త పైన కత్తి పక్కను నొక్కాలి. మణికట్టును బిగించేసెయ్. కదలాల్సింది భుజం, నడుము. మణికట్టు ఆడిందంటే కోణం పోయినట్టే. మొన దగ్గర అంచు వంపు తిరుగుతుంది కాబట్టి అక్కడికి వచ్చేసరికి మోచెయ్యి కొంచెం పైకి లేపు. లేకపోతే మొన మొద్దుగానే మిగిలిపోతుంది.

కోణం కుదిరిందో లేదో స్కెచ్ పెన్ చెబుతుంది. అంచు వెంట నల్లగా గీసి, రెండుసార్లు నూరి చూడు. అంచు దాకా సమంగా చెరిగిపోతే సరే. అంచున నలుపు మిగిలి పైన మాత్రమే పోతే వీపు మరీ వాలింది. అంచు కొసన మాత్రమే పోతే వీపు మరీ లేచింది.

ఒక పక్క అయిందని తెలిసేది వేలికే. వీపు నుంచి అంచు వైపుకు బొటనవేలు జార్చు, అంచు వెంట మాత్రం జార్చకు, తెగుతుంది. రెండో పక్కన సన్నటి ఇనుప పొర వేలికి తగులుతుంది. అది మొదలు నుంచి మొన దాకా తగిలాకే కత్తి తిప్పు. రెండు పక్కలా అయ్యాక నున్నటి రాయి మీద బరువు వేయకుండా చెరో పక్క ఒక్కోసారి లాగితే ఆ పొర రాలిపోతుంది.

ఇంకొకటి. నీ దగ్గరున్నది మా నాయన కాలం నాటి సానరాయి, నడిమధ్య గుంట పడి ఉంటుంది. గుంటలో కత్తి ఎంత స్థిరంగా పట్టినా కోణం మారుతూనే ఉంటుంది. పెరట్లో మిగిలిన కడప బండ ముక్క చదునుగానే ఉంది కదా, దాని మీద ఇసుక, నీళ్లు చల్లి రాయిని బోర్లించి గుండ్రంగా రుద్దు. రుద్దేముందు రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసుకో. నడిమధ్య గీత కూడా చెరిగిపోయిన తర్వాతే నూరడం మొదలుపెట్టు.

మీ మామ