వరదొస్తే డెలివరీ గడువు ఆగుతుందా? సరఫరా ఒప్పందంలో ఫోర్స్ మజూర్ క్లాజు

ప్రశ్న: విజయవాడలో మాకు అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. చెన్నై కంపెనీ ఒకటి ఏడాదికి సరఫరా ఒప్పందం పంపింది. అంతా ఇంగ్లిషే. అందులో ‘ఫోర్స్ మజూర్’ అని ఒక పేరా ఉంది. వరద వచ్చినా, కరెంటు లేకపోయినా, పేపర్ రేటు పెరిగినా అదే మిమ్మల్ని కాపాడుతుందని వాళ్ల పర్చేజ్ మేనేజర్ అంటున్నారు. 2024లో బుడమేరు నీళ్లు మా షెడ్డులోకి వచ్చాయి కాబట్టి టెన్షన్‌గా ఉంది. సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి?

జవాబు: ముందు మీరు పంపిన ఆ పేరాను తెలుగులో చదువుకోండి.

“ప్రకృతి వైపరీత్యం, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ ఉత్తర్వు వంటి, తమ అదుపులో లేని కారణం వల్ల ఒక పక్షం తన బాధ్యత నెరవేర్చలేకపోతే, ఆ మేరకు, ఆ కారణం ఉన్నంత కాలం, అది ఒప్పంద ఉల్లంఘన కాదు. ఆ పక్షం ఘటన జరిగిన 7 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. నష్టం తగ్గించడానికి తగిన ప్రయత్నం చేయాలి. 60 రోజులు దాటితే కొనుగోలుదారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు.”

మేనేజర్ గారు చెప్పిన మూడింటిలో వరద ఒక్కటే దీనిలోకి సూటిగా వస్తుంది. కరెంటు సంగతి సందేహం. పేపర్ రేటు అసలు రాదు.

రేటు దగ్గరే చాలామంది దెబ్బతింటారు కాబట్టి ముందు అదే చెబుతాను. క్లాజులో ఉన్న మాట “నెరవేర్చలేకపోతే” అని. క్రాఫ్ట్ పేపర్ రీలు ఖరీదైతే మీకు నష్టం వస్తుంది గానీ, పెట్టె తయారుచేయడం ఆగదు. 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. ఇండోనేసియాలో నిబంధనలు మారి దిగుమతి బొగ్గు ధర బాగా పెరిగిందని విద్యుత్ కంపెనీలు ఫోర్స్ మజూర్ కోరాయి. ఖర్చు పెరిగి భారమైనంత మాత్రాన బాధ్యత తప్పదని కోర్టు చెప్పింది. అంత పెద్ద కంపెనీలకే దక్కనిది మనకు దక్కుతుందని ఆశపడకండి. దీనికి విడిగా ఒక రేటు క్లాజు అడగండి: “క్రాఫ్ట్ పేపర్ మిల్లు ధర ఒప్పందం నాటి ధర కన్నా 5 శాతానికి మించి పెరిగినా తగ్గినా, తదుపరి నెల నుంచి పెట్టె రేటును ఆ మేరకు సవరించాలి.” తగ్గినప్పుడు కూడా వర్తిస్తుందని రాస్తే వాళ్లు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. మిల్లు ఇన్‌వాయిస్ ఆధారమని కూడా రాయించండి.

ఇక వరద. మీ ఒప్పందంలో ఆలస్యానికి వారానికి అర శాతం కోత ఉంది. ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 30,000 పెట్టెలు, ఒక్కోటి 24 రూపాయలు అనుకోండి. 8,000 పెట్టెలు ఆగస్టు 28న, మిగతా 22,000 సెప్టెంబరు 5న ఇవ్వాలి. మొదటి విడత మీరు ఇంకా పంపలేదు. సెప్టెంబరు 1న షెడ్డులోకి నీళ్లొచ్చాయి. 22,000 పెట్టెల విషయంలో క్లాజు మీకు అండగా ఉంటుంది. 8,000 విషయంలో మాత్రం వరద రాకముందే మీరు గడువు దాటారు. ఆ ఆలస్యానికి కారణం వరద కాదు. వాటి విలువ 1,92,000 రూపాయలు కాబట్టి వారానికి 960 చొప్పున కోయడానికి కంపెనీకి దారి ఉంటుంది.

ఇంకో సంగతి. అదే రోజు అటక మీద 6,000 పెట్టెలు తడవకుండా ఉన్నాయనుకోండి. వాటిని రోడ్డు తెరుచుకోగానే పంపాల్సిందే. “ఆ మేరకు” అన్న మాటకు అర్థం అదే. వరద ఏ సరుకును ఆపిందో ఆ సరుకుకే మినహాయింపు. అందుకే నీళ్లు తీశాక శుభ్రం చేయకముందే గోడ మీద నీటి మట్టం, తడిసిన రీళ్లు, కరుగేషన్ మెషిన్ మోటారు, తేదీ కనిపించేలా ఫొటోలు తీయించండి. స్టాక్ రిజిస్టర్ ప్రకారం తడిసిందెంత, మిగిలిందెంత అని ఒక కాగితం రాసి సంతకం పెట్టండి. బీమా సర్వేయర్ రిపోర్టు, మెకానిక్ బిల్లు కూడా దానికే జోడించండి.

7 రోజుల నోటీసు దగ్గర నాకు భయం ఎక్కువ. నీళ్లు వారం పాటు నిలిస్తే మీరు షెడ్డు తలుపు తీసేసరికే గడువు అయిపోతుంది. గడువులోగా నోటీసు ఇస్తేనే మినహాయింపు అని ఒప్పందంలో ఉంటే, ఆ ఒక్క లోపంతో నిజమైన కేసు కూడా ఓడిపోవచ్చు. కాబట్టి “ఘటన జరిగిన 7 రోజుల్లోగా” అన్నచోట “యూనిట్‌లోకి వెళ్లగలిగిన నాటి నుంచి 10 రోజుల్లోగా” అని మార్పించండి. నోటీసు ఈమెయిల్‌లో ఇస్తే చాలునని, ఏ మెయిల్‌కు పంపాలో కూడా అందులోనే రాయించండి. మార్చకపోయినా సరే, ఆ సమయంలో ఫోన్ నుంచే ఇలా పంపండి, ఇంగ్లిషులో పెట్టించుకోవడానికి మాట ఇది:

“ఫలానా తేదీ ఒప్పందంలోని ఫోర్స్ మజూర్ క్లాజు కింద ఈ నోటీసు. సెప్టెంబరు 1 ఉదయం నుంచి మా యూనిట్ నీట మునిగింది. సెప్టెంబరు 5న ఇవ్వాల్సిన 22,000 పెట్టెల సరఫరా దీనివల్ల ఆగింది. లోపలికి వెళ్లగానే నష్టం వివరాలు, కొత్త తేదీ తెలియజేస్తాము. పొడి సరుకు దారి తెరుచుకోగానే పంపుతాము.”

“వరదలు కదా, లేటవుతుంది సార్” అని వాట్సాప్‌లో పెట్టడం నోటీసు కాదు. క్లాజు పేరు, ఏ సరుకు, ఏ కారణం అనే మూడూ ఉండాలి.

కరెంటు సంగతి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు, గుర్తుండే ఉంటుంది. అది డిస్కం ప్రకటన. దాన్ని “ప్రభుత్వ ఉత్తర్వు” అనవచ్చా అని వాదన పెట్టుకునే కన్నా, “విద్యుత్ పంపిణీ సంస్థ విధించే పవర్ హాలిడే, సరఫరా కోత” అని జాబితాలో చేర్పించడం మేలు. ఫీడర్ ట్రిప్ అయి రెండు గంటలు కరెంటు పోవడం, మీ బిల్లు బకాయికి కనెక్షన్ తీసేయడం దీని కిందికి రావు.

చివరి వాక్యం 60 రోజుల రద్దు. ఆ హక్కు కొనుగోలుదారుకే ఉంది, మీకు లేదు. పైగా వాళ్ల పేరు అచ్చేసిన పెట్టెలు ఇంకెవరికీ పనికిరావు. “రద్దు నాటికి సిద్ధంగా ఉన్న, పేరు ముద్రించిన సరుకును కొనుగోలుదారు ఒప్పందపు రేటుకు తీసుకోవాలి. రద్దు హక్కు ఇరుపక్షాలకూ ఉంటుంది. అందుకున్న సరుకుకు డబ్బు చెల్లించే బాధ్యతకు ఈ క్లాజు వర్తించదు” అని చేర్చమనండి. ఆఖరి వాక్యం లేకపోతే వాళ్ల ప్లాంటులో సమ్మె అయినా మీ బిల్లు ఆపడానికి ఇదే క్లాజు చూపిస్తారు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ఒప్పందానికి ముందే చేయించండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం కింద సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు.

ఈ క్లాజు లేకపోయినా చట్టం కాపాడుతుంది కదా అని కొందరంటారు. 1872 కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ఉంది నిజమే. కానీ పని అసాధ్యమైతే ఆ సెక్షన్ ఒప్పందాన్నే చెల్లకుండా చేస్తుంది తప్ప, మీకు నెల రోజులు గడువు పెంచదు. మీకు కావాల్సింది ఆర్డరు నిలబడి, గడువు జరగడం. అది క్లాజులో రాసుకుంటేనే వస్తుంది.

కంపెనీ అన్నీ ఒప్పుకోకపోతే రేటు క్లాజు, నోటీసు గడువు ఈ రెండింటి మీదా గట్టిగా నిలబడండి. పేపర్ రేటు పెరిగినా క్లాజు కాపాడుతుందన్న మాటను మేనేజర్ గారిని మెయిల్‌లో పెట్టమనండి. పెట్టనంటే, సంతకం చేసే కాగితంలో లేనిది కోర్టులో మీకు పనికిరాదనే లెక్కలోనే ముందుకు వెళ్లండి.