ఎర్ర పెన్ను మూత తీసే ముందు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. దేవరకొండలో మీ ఇంటి ముందు గదిలోనే పదో తరగతి, ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ మొదలుపెడుతున్నావట కదా, అప్పుడే పద్నాలుగు మంది చేరారట. వినగానే కడుపు నిండింది, మన ఇంట్లో నా తర్వాత చాక్‌పీస్ పట్టుకునేది నువ్వే. కానీ ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. పాఠం నువ్వు బాగానే చెప్తావు, దాని గురించి నాకు భయం లేదు. నా భయమంతా రాత్రి తొమ్మిది గంటలకు పద్నాలుగు నోట్‌బుక్కులు ముందేసుకుని, పక్కన జవాబుల కాగితం పెట్టుకుని, నిద్రకళ్లతో హోంవర్క్ దిద్దే ఆ గంట గురించే. అందుకే ఈ ఉత్తరం.

అన్నీ చెప్పను, మన ఊరి లెక్కనే ఒకటి తీసుకుందాం. పటిక, సున్నం. ఫ్లోరైడ్ నీళ్లను శుద్ధి చేయడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసిన విధానానికి మన నల్లగొండ పేరే పెట్టారని నీకు తెలుసు. అందులో వాడే రెండు పదార్థాల మధ్య జరిగే చర్య ఇది.

Al2(SO4)3 + 3Ca(OH)2 → 2Al(OH)3 + 3CaSO4

తుల్యం అయిందో లేదో చూడటం నీకు నేర్పక్కర్లేదు: లోహాలు ముందు, ఆక్సిజన్ చివర. ఎడమవైపు అల్యూమినియం 2, సల్ఫర్ 3, కాల్షియం 3, హైడ్రోజన్ 6, ఆక్సిజన్ 12కి 6 కలిపితే 18. కుడివైపు కూడా అంతే. ఆ తర్వాత ఒకసారి బరువులు కూడా కూడమని చెప్పు. 342కి మూడు 74లు కలిపితే 564, కుడివైపు రెండు 78లు, మూడు 136లు కలిపితే 564. ఇక్కడ తేడా వస్తే బ్రాకెట్ దగ్గరో కూడికలోనో తప్పు ఉన్నట్టు.

అయితే రెండు లెక్కలూ సరిపోయినా సమీకరణం తప్పు కావచ్చు బిడ్డా, ఇది మాత్రం జాగ్రత్తగా విను. కొందరు పిల్లలు కుడివైపు 2Al(OH)3 రాయకుండా Al2(OH)6 అని రాస్తారు. ముందు అంకె వేసే బదులు కింద అంకెలు మార్చేస్తారన్నమాట. పరమాణువులు లెక్కపెట్టు, సరిపోతాయి. బరువు కూడు, 156, అదీ సరిపోతుంది. ఎన్ని గ్రాముల అల్యూమినియం హైడ్రాక్సైడ్ వస్తుందని అడిగితే జవాబు కూడా సరిగ్గానే వస్తుంది. నువ్వు టిక్కు పెట్టి పంపించేస్తావు. ఎన్ని మోల్స్ వస్తాయని అడిగినప్పుడు గానీ బయటపడదు, రెండింతలు రావాల్సిన చోట ఒక్క వంతే వస్తుంది. అందుకని అంకెలు లెక్కపెట్టే ముందు ఒక్కో ఫార్ములానూ విడిగా చదువు. అల్యూమినియం వేలెన్సీ 3, హైడ్రాక్సైడ్‌ది 1, కాబట్టి Al(OH)3, అంతే. తుల్యం చేసేటప్పుడు ఫార్ములా లోపలికి చెయ్యి పెట్టకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పు.

ఇప్పుడు లెక్క. 34.2 గ్రాముల అల్యూమినియం సల్ఫేట్‌కు ఎంత కాల్షియం హైడ్రాక్సైడ్ కావాలి? 34.2ను 342తో భాగిస్తే 0.1 మోల్, దానికి మూడింతలు 0.3 మోల్, 74తో గుణిస్తే 22.2 గ్రాములు. ఇది అందరికీ తెలిసిందే. నీకు తెలియాల్సింది తప్పు జవాబుల సంగతి. తప్పు జవాబు చూస్తే పిల్లవాడి చెయ్యి ఎక్కడ జారిందో చాలాసార్లు దొరికిపోతుంది. 17.4 వచ్చిందంటే Ca(OH)2లో బ్రాకెట్‌ను పట్టించుకోలేదు, ఆక్సిజన్‌ను ఒక్కటే లెక్కపెట్టి 74 బదులు 58 వేసుకున్నాడు. 102.6 వచ్చిందంటే సమీకరణంలో 3 ఉంది కదా అని గ్రాములనే మూడుతో గుణించాడు, అంటే ఆ 3 మోల్స్‌కు చెందిందన్న సంగతి వాడికి ఇంకా ఎక్కలేదు. వాడితో కూడిక తప్పని చెప్తే లాభం లేదు, మోల్ అంటే ఏమిటో మళ్లీ కూర్చోబెట్టి చెప్పాలి. 66.6 వస్తే ఆ 3ను రెండుసార్లు వాడాడు: మోలార్ ద్రవ్యరాశి 222 అని ఒకసారి, మోల్స్ 0.3 అని ఇంకోసారి. ఇంత తెలిసినవాడి జవాబు మీద అడ్డంగా గీత గీసి పక్కన 22.2 అని రాస్తే వాడు ఆ 22.2ను కాపీ చేసుకుంటాడు, రేపు మళ్లీ అదే చేస్తాడు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్పాలి.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అది. పేరు చెప్పను గానీ మన జిల్లాలోనే ఒక హైస్కూల్. మర్రిగూడ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది, మాట తక్కువ, చేతిరాత ముత్యాల్లా ఉండేది. వాళ్ల నాయనమ్మ నడుము ఫ్లోరైడ్‌కు వంగిపోయి లేవలేకపోయేది, అందుకని వాళ్లింట్లో బకెట్‌లో పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చుకునేవాళ్లు. మనకు దగ్గరి విషయం కదా అని ఈ లెక్కనే బోర్డు మీద రాశాను. అయితే అల్యూమినియం సల్ఫేట్ అని రాయలేదు, "34.2 గ్రాముల పటిక" అని రాశాను. ల్యాబ్‌లోని సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, ఇదే పటిక అని పిల్లలకు చూపించాను కూడా. మర్నాడు దిద్దుతుంటే ఆ అమ్మాయి జవాబు 11.4 గ్రాములు. నా కాగితంలో 22.2 ఉంది. సగానికి దగ్గరగా వచ్చింది, ఎక్కడో రెండుతో భాగించి ఉంటుంది అనుకుని, పైన రాసిన లెక్క చదవకుండానే పేజీ మీద పెద్ద ఇంటూ గీసి, కింద "అజాగ్రత్త" అని రాశాను.

ఆ పిల్ల నోట్‌బుక్ తీసుకుని నా దగ్గరకు వచ్చి, "మేడమ్, సీసా మీద 18H2O అని ఉంది" అంది. ఒక్క మాటే. నేను బెల్ కొట్టారని, తర్వాత చూద్దామని పంపించేశాను. తర్వాత చూడలేదు. ఆమె కూడా మళ్లీ అడగలేదు. ఆ ఏడాది మొత్తం ఇక ఏ సందేహం అడగలేదు.

పరీక్షల ముందు ల్యాబ్ సామాను సర్దుతూ ఆ సీసాను చేతిలోకి తీసుకున్నాను. లేబుల్ మీద Al2(SO4)3·18H2O అని స్పష్టంగా ఉంది. అక్కడే నిలబడి లెక్క వేశాను. స్ఫటిక జలం 18 అణువులు, అంటే 324. 342కి కలిపితే 666. 34.2ను 666తో భాగించి 222తో గుణిస్తే సరిగ్గా మూడో వంతు, 11.4 గ్రాములు. నేను చూపించిన సీసాలోని పటికకు ఆ పిల్ల రాసిందే కరెక్టు. నేను రాసిన 22.2 నీరు లేని అల్యూమినియం సల్ఫేట్‌కు, ఆ పదార్థం మా ల్యాబ్‌లో లేనే లేదు. ఆమె జవాబును కూడా బరువు కూడి చూసి ఉంటే నాకు ఒక్క నిమిషంలో తెలిసేది: పటిక 34.2, సున్నం 11.4, మొత్తం 45.6. అటువైపు అల్యూమినియం హైడ్రాక్సైడ్ 8, కాల్షియం సల్ఫేట్ దాదాపు 21, విడిపోయిన నీరు 16.6, అదీ 45.6. కుడివైపు 18H2O రాయడం కూడా ఆ పిల్ల మర్చిపోలేదు బిడ్డా. పదిహేనేళ్ల పిల్ల. పరీక్షలు అయ్యాక వాళ్లు హాలియా వైపు వెళ్లిపోయారని విన్నాను, తప్పు నాదని చెప్పే వీలు నాకు దొరకలేదు. ఇప్పటికీ ఎక్కడైనా పటిక ముక్క కనబడితే ఆ నోట్‌బుక్ పేజీయే గుర్తొస్తుంది.

అందుకని జవాబుల కాగితంతో కలవని జవాబు వస్తే ముందు ప్రశ్నను మళ్లీ చదువు. పదార్థం పేరు ఎలా ఉంది, చుక్క పెట్టి నీరు రాసి ఉందా? మైలుతుత్తం, వాషింగ్ సోడా, జిప్సం, ఎప్సమ్ సాల్ట్, వీటన్నిటితోనూ ఇదే గొడవ. ప్రశ్నలో ఏదో తేలకపోతే తప్పు ప్రశ్నది, పిల్లలది కాదు. మన ఊళ్లల్లో ఇంకో చిక్కు కూడా ఉంది: కిరాణా కొట్లో పటిక అని ఇచ్చేది ఎక్కువగా పొటాష్ పటిక, KAl(SO4)2·12H2O, దాని బరువు 474. కాబట్టి ప్రశ్న రాసేటప్పుడు పటిక అని వదిలేయకు, ఫార్ములా రాయి.

ఇంకో మాట. బకెట్ చూసి పెరిగిన పిల్లలు ఎవరైనా, "మా ఇంట్లో సున్నం మూడో వంతు వేయరు టీచర్, చిటికెడే వేస్తారు" అనొచ్చు. వాళ్లను కసురుకోకు, వాళ్లు చెప్పేది నిజం. ఆ విధానంలో సున్నం పటికలో ఇరవయ్యో వంతు దాకానే ఉంటుంది, ఎందుకంటే బోరు నీళ్లలో ముందే ఉన్న బైకార్బనేట్‌లే పటికతో చాలావరకు చర్య జరుపుతాయి. పైగా ఈ సమీకరణంలో ఫ్లోరైడ్ అసలు కనబడదు, అది తెల్లగా తేలే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తునకలకు అంటుకుని వాటితోపాటు అడుక్కి దిగిపోతుంది. మన సమీకరణం ఏది ఎంతతో చర్య జరుపుతుందో చెప్తుంది, బకెట్‌లో ఎంత వేయాలో అది చెప్పదు.

రాత్రి పొద్దుపోయేదాకా దిద్దకు, నీకు చిన్నప్పటి నుంచీ నిద్ర ఆపుకుంటే తలనొప్పి. మరీ అలసిపోతే సగం నోట్‌బుక్కులు పొద్దున్నే చూడు. లిమిటింగ్ రియేజెంట్ లెక్కల దగ్గర ఇంకా పెద్ద తప్పులు చేస్తారు, అది వేరే ఉత్తరం. మొదటి వారం మాత్రం జవాబు కలవని పేజీలన్నీ పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఫోటో తీసి నాకు పంపు, ఎంత రాత్రయినా చూస్తాను. ఆదివారం దేవరకొండ బస్సెక్కుతాను, ఆ పాత సీసా నా దగ్గరే ఉంది, తెస్తాను. లేబుల్ కొంచెం చిరిగింది గానీ 18H2O మాత్రం ఇంకా కనబడుతుంది. మీ అమ్మతో జొన్న రొట్టెలు చేసి పెట్టమని చెప్పు.

మీ పెద్దమ్మ